హియరింగ్ ఎయిడ్‌లో ఫోన్ సౌండ్ తెగిపోతుంటే

ప్రశ్న: నాన్నగారి హియరింగ్ ఎయిడ్‌లో ఐఫోన్ పాటలు మధ్యమధ్యలో ఆగిపోతున్నాయి. ఎందుకు?

ముందు ఫోన్ ఎక్కడ పెట్టుకుంటున్నారో చూడండి. బ్లూటూత్ సిగ్నల్‌ని మన ఒళ్లే అడ్డుకుంటుంది, వెనక జేబులో ఉన్నా తెగిపోవచ్చు. ఫోన్‌ని ఎదురుగా టేబుల్ మీద పెట్టి వినమనండి. సరిగ్గా వస్తే కారణం అదే.

అప్పుడూ ఒక్క చెవిలోనే తెగుతుంటే ఆ వైపు బ్యాటరీ మార్చండి. స్ట్రీమింగ్‌కి కరెంటు ఎక్కువ కావాలి కాబట్టి, బ్యాటరీ తగ్గినప్పుడు ఎదుటివాళ్ల మాటలు బాగానే వినిపిస్తున్నా పాట ఆగిపోతుంది. కొత్త జింక్ సెల్ అయితే స్టిక్కర్ తీశాక ఒకటి రెండు నిమిషాలు గాలి తగలనిచ్చి వేయండి.

రెండు వైపులా తెగుతుంటే Settings > Accessibility > Hearing Devices లో ఎయిడ్‌ని తీసేసి, బ్యాటరీ తలుపులు తెరిచి మూసి, మళ్లీ అక్కడే పెయిర్ చేయండి. ఇంట్లో ఐప్యాడ్ కూడా పెయిరై ఉంటే ఈలోగా దాని బ్లూటూత్ ఆపండి.