నాన్నగారి మాటలో జీతం వేరు, వాటా వేరు

"నాన్నగారు ఉగాదికి బట్టల షాపు మా ముగ్గురికీ అప్పగిస్తున్నారు. అన్నయ్య కౌంటర్, నేను లెక్కలు, చెల్లి వేరే ఊళ్లో ఉద్యోగం. గొడవ రాకుండా ఆ రోజు ఆయన ఏం మాట్లాడాలి?"

పని చేసినందుకు జీతం, పిల్లలైనందుకు వాటా అని ఆయన విడదీసి చెప్పాలండి. రెండూ కలిపేస్తేనే "నేను కష్టపడితే చెల్లికి సమానమా" అనే మాట వస్తుంది. ఇలా చెప్పమనండి:

"షాపులో నెలకు 1,20,000 మిగులుతోంది అనుకుందాం. పెద్దవాడు సరుకు కొంటాడు, కౌంటర్ చూస్తాడు, జీతం 30,000. చిన్నవాడు లెక్కలు, జీఎస్టీ చూస్తాడు, 25,000. కొత్త సరుకుకి 20,000 పక్కన పెట్టండి. మిగిలిన 45,000 ముగ్గురికీ తలా 15,000. అమ్మాయి షాపుకి రాకపోయినా ఆ వాటా తనదే. రేపు వచ్చి పని చేస్తే తనకీ జీతం ఉంటుంది. గల్లాపెట్టెలోంచి ఎవరూ సొంతానికి తీయొద్దు, తీస్తే అదే రోజు రాయండి."

పెద్దవాడి జీతం ఎందుకు ఎక్కువో కూడా ఆయన నోటితోనే చెప్పాలి. మీరు చెబితే మీ అన్నదమ్ముల మధ్య టెన్షన్.

మాటతో ఆగకండి, పార్టనర్‌షిప్ డీడ్ రాయించండి. ఒప్పందం లేకపోతే 1932 భాగస్వామ్య చట్టం ప్రకారం లాభం సమానం, పని చేసినవాళ్లకు జీతం అడిగే హక్కు ఉండదు. ఈ అంకెలన్నీ అందులోకి ఎక్కాలి.