డివిడెండ్ ముందు రాత్రి అసైన్ అయిన కాల్స్: పోయిన డబ్బు బ్రోకర్ ఇవ్వాలా?

ప్రశ్న: నేను అమెరికాలో ఉంటున్నాను. ఒక కంపెనీ షేరు మీద పది కాల్ స్ప్రెడ్లు పెట్టాను. 50 డాలర్ల స్ట్రైక్ కాల్స్ అమ్మి, 55 డాలర్ల కాల్స్ కొన్నాను. షేరు 62కి వెళ్ళింది. ఎక్స్‌పైరీకి ఇంకా నాలుగు వారాలుంది కదా అని ఊరుకున్నాను. డివిడెండ్ ఎక్స్-డేట్ నాడు పొద్దున చూస్తే, అమ్మిన పది కాల్సూ అసైన్ అయిపోయాయి. వెంటనే నా 55 కాల్స్ ఎక్సర్‌సైజ్ చేసి షార్ట్ షేర్లు మూసేశాను. తర్వాత డివిడెండ్ పేరుతో ఖాతాలోంచి 800 డాలర్లు తీసుకున్నారు. ఆర్డర్ పెట్టేటప్పుడు స్క్రీన్ మీద గరిష్ఠ నష్టం ఇంతేనని ఉంది. బ్రోకర్ ముందుగా ఒక్క మాటా చెప్పలేదు. ఇదే పొజిషన్ ఉన్న మా స్నేహితుడికి ఏమీ కాలేదు. ఈ 800 డాలర్లు తిరిగి రాబట్టుకోవచ్చా?

జవాబు: మీరు చెప్పిన వివరాలు ఇవే అయితే, ఆ కోత సక్రమమే. కేసు నిలబడే సందర్భాలు కొన్ని లేకపోలేదు. వాటిలో మీది ఉందో లేదో తేల్చుకోవాలంటే ఆ రాత్రి ఏం జరిగిందో ముందు తెలియాలి.

అమెరికాలో విడి కంపెనీల షేర్ల మీద నడిచే ఆప్షన్లు అమెరికన్ తరహావి. కాల్ అంటే షేరును ముందే అనుకున్న స్ట్రైక్ ధరకు కొనే హక్కు. అది కొన్నవారు గడువు తేదీ అయిన ఎక్స్‌పైరీ దాకా ఆగనవసరం లేదు, ఏ పనిదినమైనా ఎక్సర్‌సైజ్ చేయొచ్చు, అంటే ఆ హక్కు వాడి షేర్లు తీసుకోవచ్చు. అప్పుడు కాల్ అమ్మినవారిలో ఒకరి మీద ఆ షేర్లు ఇచ్చే బాధ్యత పడుతుంది, అదే అసైన్‌మెంట్. మామూలుగా ఎవరూ చేయరు, ఎందుకంటే ఎక్సర్‌సైజ్ చేస్తే కాల్‌లో మిగిలి ఉన్న టైమ్ వాల్యూ, అంటే గడువు ఇంకా ఉండటం వల్ల దాని ధరలో అదనంగా ఉండే విలువ, పోతుంది. అమ్ముకుంటే ఆ విలువ కూడా చేతికొస్తుంది. ఈ లెక్క తిరగబడేది డివిడెండ్ దగ్గరే. డివిడెండ్ షేరు ఉన్నవారికే వస్తుంది, కాల్ ఉన్నవారికి రాదు. ఎక్స్-డేట్ నాడు గానీ ఆ తర్వాత గానీ కొన్న షేరుకు ఆ డివిడెండ్ రాదు, కాబట్టి ఆ రోజు షేరు ధర దాదాపు డివిడెండ్ అంత తగ్గి మొదలవుతుంది. మామూలు నగదు డివిడెండ్‌కు ఆప్షన్ స్ట్రైక్ ధరను సవరించరు. కాబట్టి కాల్ పట్టుకుని కూర్చున్నవారు ఆ మేరకు నష్టపోతారు. డివిడెండ్ కంటే కాల్‌లో మిగిలిన టైమ్ వాల్యూ తక్కువైతే, ఎక్స్-డేట్‌కు ముందు రోజు ఎక్సర్‌సైజ్ చేసి షేరు తీసుకోవడమే వాళ్ళకు లాభం.

ఆ టైమ్ వాల్యూ ఎంతో తెలుసుకోవడానికి పెద్ద లెక్కలు అక్కర్లేదు. అదే స్ట్రైక్, అదే ఎక్స్‌పైరీ ఉన్న పుట్, అంటే షేరును స్ట్రైక్ ధరకు అమ్మే హక్కు, ఎంత పలుకుతోందో చూడండి. వడ్డీ ఖర్చు కాస్త కలిపితే సుమారుగా అంతే. మీ 800 డాలర్లను పది కాంట్రాక్టుల వెయ్యి షేర్లతో భాగిస్తే, డివిడెండ్ షేరుకు 80 సెంట్లు. షేరు 62 దగ్గర ఉన్నప్పుడు 50 స్ట్రైక్ పుట్ ఐదారు సెంట్లు పలుకుతోందనుకుందాం. 80 సెంట్లు వస్తుంటే ఐదారు సెంట్ల కోసం కాల్ అట్టిపెట్టుకునేవారు ఉండరు. అదే మీరు అమ్మింది 60 స్ట్రైక్ అయి, దాని పుట్ డాలరు పది సెంట్లు ఉంటే, అసైన్‌మెంట్ వచ్చే అవకాశం బాగా తక్కువ. అందుకే షేరు ధర అమ్మిన కాల్ స్ట్రైక్ కంటే బాగా పైకి వెళ్ళినప్పుడు ఎక్స్‌పైరీ తేదీ కంటే ఎక్స్-డేట్ మీదే కన్నుండాలి. మీరు నాలుగు వారాలుందని ధీమాగా ఉన్నది ఇక్కడే దెబ్బతీసింది.

ఇక గరిష్ఠ నష్టం సంగతి. స్ప్రెడ్ పెట్టినప్పుడు మీకు వచ్చిన ప్రీమియం పక్కన పెడదాం. రెండు స్ట్రైక్‌ల మధ్య తేడా 5 డాలర్లు, పది కాంట్రాక్టులకు 5,000. స్క్రీన్ చూపించింది ఆ అంకెనే, అందులోంచి ప్రీమియం తీసేసి. రెండు కాల్సూ ఒకే సమయంలో ముగుస్తాయనుకుంటే ఆ అంకె సరైనదే. మీ విషయంలో అలా ముగియలేదు. మీ 50 కాల్స్ ఎక్సర్‌సైజ్ అయింది ఎక్స్-డేట్‌కు ముందు రోజు. అంటే ఆ రోజు తేదీతోనే మీరు వెయ్యి షేర్లు 50 చొప్పున అమ్మినట్టు లెక్క. చేతిలో షేర్లు లేవు కాబట్టి అది షార్ట్. ఆ షేర్లకు వచ్చే డివిడెండ్ మీరే కట్టాలి. మీ 55 కాల్స్ ఎక్సర్‌సైజ్ అయింది మాత్రం మర్నాడు, అంటే ఎక్స్-డేట్ నాడు. ఆ రోజు తీసుకున్న షేర్లకు డివిడెండ్ రాదు. 55కి కొని 50కి ఇచ్చారు కాబట్టి 5 డాలర్లు పోయింది, మీద 80 సెంట్ల డివిడెండ్. మొత్తం 5.80. అదనంగా పడ్డ ఆ 80 సెంట్లే మీ 800 డాలర్లు. షార్ట్ అదే రోజు మూసేసినా బాధ్యత ఎక్స్-డేట్‌కే ఖాయమైపోతుంది. డబ్బు తీసుకునేది మాత్రం డివిడెండ్ చెల్లించే రోజున. మధ్యలో కొన్ని రోజులు ఖాతా మామూలుగానే కనబడటం వల్ల చాలామంది అంతా అయిపోయిందనుకుంటారు.

"నా దగ్గర 55 కాల్స్ ఉన్నాయి కదా, వాటితో బ్రోకరే సర్దేయొచ్చు కదా" అని మీకు అనిపించవచ్చు. ఆటోమేటిక్ ఎక్సర్‌సైజ్ ఉండేది ఎక్స్‌పైరీ నాడే. ఎక్స్-డేట్ ముందు రోజు ఎంత లాభంలో ఉన్న కాల్ అయినా మీరు చెబితేనే ఎక్సర్‌సైజ్ అవుతుంది, అదీ బ్రోకర్ పెట్టుకున్న గడువులోపల చెప్పాలి. అసైన్ అయిన సంగతి మీకు మర్నాడు పొద్దున గానీ తెలియదు. తెలిసేసరికి గడువు దాటిపోయి ఉంటుంది. కాబట్టి దీన్ని ఆపగలిగేది ముందు రోజు మార్కెట్ మూసేలోపే. అమ్మిన కాల్సూ కొన్న కాల్సూ కలిపి స్ప్రెడ్‌ను మూసేయడం అన్నిటికంటే శుభ్రమైన దారి. ఆ రోజు కొని మూసేసిన కాల్ మీద ఆ రాత్రి అసైన్‌మెంట్ రాదు. కొన్న కాల్స్‌ను కూడా ముందు రోజే ఎక్సర్‌సైజ్ చేయొచ్చు గానీ, దానికి 55,000 డాలర్ల షేర్లు మోసే స్తోమత ఖాతాలో ఉండాలి.

మీ స్నేహితుడికి ఎందుకు రాలేదన్నది అన్యాయంగా కనిపిస్తుంది, నిజమే. ఎక్సర్‌సైజ్ నోటీసులన్నీ ఆప్షన్స్ క్లియరింగ్ కార్పొరేషన్‌కు, అంటే ఓసీసీకి చేరతాయి. అది ఆ కాల్స్ అమ్మి ఉన్న క్లియరింగ్ సంస్థలకు లాటరీ పద్ధతిలో పంచుతుంది. తర్వాత మీ బ్రోకర్ తన కస్టమర్లలో ఎవరికి వేయాలో నిర్ణయిస్తాడు. అమెరికాలో బ్రోకర్ల మీద పర్యవేక్షణ చేసే సంస్థ ఫిన్రా రూల్ 2360 ప్రకారం ఆ పద్ధతి ముందే నిర్ణయించి ఉండాలి: ముందు అమ్మినవారికి ముందు, లేదా యాదృచ్ఛికంగా. అదేమిటో కస్టమర్‌కు రాతపూర్వకంగా చెప్పి ఉండాలి. డివిడెండ్ ముందు రోజు ఎక్సర్‌సైజ్ చేయడం మరిచిపోయే కాల్‌దారులు కొందరు ఎప్పుడూ ఉంటారు. ఆ అదృష్టం మీ స్నేహితుడికి తగిలింది. బ్రోకర్ తను ప్రకటించిన పద్ధతిని తప్పితేనే అది మీకు వాదన అవుతుంది. ఆ పద్ధతి ఏమిటో రాతపూర్వకంగా అడగండి.

హెచ్చరించలేదన్న వాదన బలహీనం. ఆప్షన్ల ఖాతా ఆమోదించే నాటికే స్టాండర్డైజ్డ్ ఆప్షన్ల లక్షణాలు, రిస్కులు వివరించే పుస్తకం మీకు అందించి ఉండాలి. మనలో చాలామంది ఒక టిక్కు పెట్టి దాటేసేది అదే. అమ్మినవారికి ఏ క్షణాన్నైనా అసైన్‌మెంట్ రావచ్చని అందులో ఉంటుంది. మీరే నిర్ణయాలు తీసుకునే ఖాతాలో రోజూ మీ పొజిషన్లు గమనిస్తూ హెచ్చరించే బాధ్యత సాధారణంగా బ్రోకర్‌కు ఉండదు. కొందరు బ్రోకర్లు ఎక్స్-డేట్ అలర్టులు పంపుతారు, కానీ అది సౌకర్యం కోసం చేసే పని. మీ ఒప్పందంలో అలర్టు పంపుతామని రాసి ఉంటే మాత్రం సంగతి వేరు, ఆ పేరా నాకు చూపించండి.

గరిష్ఠ నష్టం స్క్రీన్ విషయం నేను అంత తేలిగ్గా తోసెయ్యను. కస్టమర్లకు చూపించే సమాచారం పక్కదారి పట్టించేలా ఉండకూడదని ఫిన్రా నియమాలు చెబుతాయి. ఆ అంకె పక్కన, లేదా కింద, 'ఎక్స్‌పైరీ దాకా ఉంచితే' అనో, 'ముందస్తు అసైన్‌మెంట్ లెక్కలోకి తీసుకోలేదు' అనో ఉందేమో చూడండి. ఉంటే వాదన అక్కడితో ఆగిపోతుంది. ఎక్కడా లేకపోతే, ఆ స్క్రీన్ షాట్ మీ చేతిలో ఉన్న అత్యంత ఉపయోగపడే కాగితం. దాంతో గెలుస్తామని హామీ ఇవ్వలేను గానీ, బ్రోకర్ రాజీకి రావడానికి అది ఆధారమవుతుంది.

ఇవి కాక, కేసు నిజంగా గట్టిగా ఉండే సందర్భాలు వేరే ఉన్నాయి. ముందు రోజు గడువులోపల మీరు ఎక్సర్‌సైజ్ చేయమని చెప్పినా వాళ్ళు చేయకపోతే, లేదా స్ప్రెడ్ మూసే ఆర్డర్ వాళ్ళ సిస్టమ్ లోపం వల్ల వెళ్ళకపోతే, లేదా ఈ స్ప్రెడ్ పెట్టమని వాళ్ళ ఉద్యోగే సలహా ఇచ్చి ఉంటే. మరొకటి, ఎవరూ చూడరు గానీ ముందు చూడాల్సింది: అసైన్‌మెంట్ స్టేట్‌మెంట్ మీద ట్రేడ్ తేదీ ఏది? అది ఎక్స్-డేట్‌కు ముందు రోజే అయితే కోత సరైనది. ఒకవేళ అవతలివారు ఎక్స్-డేట్ నాడు ఎక్సర్‌సైజ్ చేసి, ఆ తేదీతోనే మీకు అసైన్ అయి ఉంటే, డివిడెండ్ మీ మీద పడకూడదు. అప్పుడు మొత్తం 800 వెనక్కి ఇవ్వాల్సిందే. నోటీసు మీకు అందిన తేదీతో దీన్ని కలపకండి. అది ఎప్పుడూ ఒక రోజు ఆలస్యంగానే ఉంటుంది.

వీటిలో ఏదైనా దొరికితే, ఫోనులో కాకుండా రాతపూర్వకంగా బ్రోకర్‌కు ఫిర్యాదు పెట్టండి. తేదీలు, ఆర్డర్ నంబర్లు, స్క్రీన్ షాట్ అన్నీ జతచేయండి. ఒప్పుకోకపోతే కోర్టుకు బదులు ఫిన్రా ఆర్బిట్రేషన్‌కే వెళ్ళాల్సి ఉంటుంది, దాదాపు ప్రతి బ్రోకర్ ఒప్పందంలోనూ ఆ షరతు ఉంటుంది. 50,000 డాలర్లలోపు వివాదాలకు సులభ పద్ధతి ఉంది. మీరు విచారణ కోరకపోతే ఒకే ఆర్బిట్రేటర్ కాగితాలు చూసి తేల్చేస్తారు. ఘటన జరిగిన ఆరేళ్ళ తర్వాత వేస్తే ఫిన్రా తీసుకోదు, రాష్ట్ర చట్టాల గడువు అంతకంటే తక్కువ కావచ్చు. 800 డాలర్ల కోసం లాయర్‌ను పెట్టుకోవడం గిట్టదు, మీరే వేసుకోవచ్చు.

డబ్బు రాకపోయినా పన్ను లెక్కలో మాత్రం దీన్ని వదిలెయ్యకండి. షార్ట్ మొదలైన 45 రోజుల్లోపు మూసేస్తే, మీరు కట్టిన ఈ మొత్తాన్ని విడి ఖర్చుగా తగ్గించుకోనివ్వరు. షార్ట్ మూయడానికి ఇచ్చిన షేర్ల కొనుగోలు ధరకు దాన్ని కలపాలి. మీది మర్నాడే మూసేశారు కాబట్టి మీకు ఇదే వర్తిస్తుంది. బ్రోకర్ పంపే ఫారంలో ఈ 800 కలిపి ఉందో లేదో చూసి, లేకపోతే రిటర్న్ వేసేవారికి చెప్పండి.