లేజీ ఐ: ప్యాచ్ వేసినా చూపు మారకపోతే

"బెంగళూరులో ఉంటాం. పాపకి అయిదేళ్లు. కుడి కన్ను మామూలే, ఎడమ కంటికి +4. స్కూల్ నుంచి వచ్చాక అద్దాలు తీసేసి రోజూ రెండు గంటలు ప్యాచ్ వేస్తున్నాం. చూపు అలాగే ఉంది."

అద్దాలు తీసేయడమే కారణం కావచ్చండి. లేజీ ఐ అంటే ఒక కంటి నుంచి వచ్చే బొమ్మను మెదడు సరిగ్గా వాడుకోకపోవడం. ఆ కంటికి పని చెప్పడానికి ప్యాచ్ బాగున్న కుడి కన్నును మూస్తుంది, అంతే. ఎడమ కంటికి స్పష్టమైన బొమ్మ ఇచ్చేది అద్దమే. అది లేకపోతే ఆ రెండు గంటలూ మెదడుకు అందేది మసకే. ఈ వయసులో మెదడు బాగా వాడే నరాల కనెక్షన్లను గట్టిపరుస్తుంది, వాడనివాటిని కత్తిరిస్తుంది. మసక బొమ్మతో ఎడమ కంటి కనెక్షన్లు నిలదొక్కుకోవు.

1. లేచినప్పటి నుంచి పడుకునేదాకా అద్దాలు ఉండాలి.
2. ప్యాచ్‌ను చర్మానికే అంటించి, దానిపైన అద్దాలు పెట్టండి. ఫ్రేమ్‌కి అంటిస్తే సందు మిగులుతుంది. పాప తల పక్కకి తిప్పుతుంటే ఆ సందులోంచి కుడి కంటితో చూస్తోందేమో గమనించండి.
3. ఆ రెండు గంటలూ చుక్కలు కలపడం, పూసలు గుచ్చడం లాంటి దగ్గరి పని ఇవ్వండి.

తర్వాతి చెకప్‌లో రెండు కళ్లూ చూడమనండి. అప్పటికీ మార్పు లేకపోతే, చుక్కల మందు వేసి పవర్ మళ్లీ పరీక్షించమని అడగండి. ఏడేళ్లు దాటాక ఫలితం తగ్గుతుంది, వాయిదా వేయకండి.