రెండో పాదంలో చివరి మూడు మాటలు

అమ్మాయీ,

నువ్వు పంపిన కాగితాలు నిన్న రాత్రి కూర్చుని చదివాను. పాత హిందీ కవి రహీము రాసిన రెండు పాదాల పద్యాలు, ఆ దోహాలు పదింటిని తెలుగు చేశావు. ప్రతిదాని కిందా 'భావం' అని రెండు వాక్యాలు రాశావు. ఆ భావాల్లో తప్పేమీ లేదు. కానీ పదీ చదివేసరికి ఎవరో పెద్దాయన 'మంచిగా ఉండండి' అని పదిసార్లు చెప్పినట్టు అనిపించింది. దోహా అలా మాట్లాడదు. నీ పదింటిలో నాకు బాగా ఇష్టమైనది ఒకటుంది. దాన్ని నేనెలా చదువుతానో చెబుతాను.

రహిమన పానీ రాఖియే, బిన పానీ సబ సూన
పానీ గయే న ఊబరే, మోతీ మానుష చూన

ముందు మాత్రలు లెక్కపెట్టు. లఘువు ఒకటి, గురువు రెండు, మన బడిలో నేర్చుకున్నదే. 'రహిమన' నాలుగు, 'పానీ' నాలుగు, 'రాఖియే' ఐదు, మొత్తం 13. అక్కడ ఆగాలి. 'బిన పానీ సబ సూన' 11. రెండో పాదం కూడా అంతే, 13 దగ్గర ఆగి మళ్లీ 11. ప్రతి పాదం చివర ఒక గురువు, ఒక లఘువు ఉంటాయి. నువ్వు 'సూన్', 'చూన్' అని పొల్లు పెట్టి రాశావు. మాట్లాడే హిందీలో అలాగే అంటారు కాబట్టి నిన్ను తప్పుపట్టను. కానీ అలా రాస్తే 'సూన్' ఒక్క గురువైపోతుంది, రెండో సగంలో పదే మాత్రలు మిగులుతాయి. 'బిన్', 'సబ్' అన్నా లెక్క మారదు, రెండు లఘువులైనా ఒక గురువైనా రెండు మాత్రలే. చివరి మాట దగ్గరే తేడా వస్తుంది. చివర ఉన్న ఆ చిన్న లఘువు పలికితేనే పాదం నేల మీద కాలు మోపినట్టు ఆగుతుంది. పైకి చదివి చూడు, నీకే తెలుస్తుంది.

ఇప్పుడు మొదటి పాదం ఏం చెప్పిందో చూడు. 'నీళ్లు కాపాడుకో, నీళ్లు లేకపోతే అంతా శూన్యం.' చెప్పాల్సిన నీతి ఇక్కడే చెప్పేశాడు. మరి రెండో పాదానికి పనేం మిగిలింది? చాలామంది దోహా అంటే మొదటి పాదంలో బొమ్మ, రెండో పాదంలో నీతి అనుకుంటారు. నీ 'భావాలు' కూడా ఆ లెక్కలోనే నడిచాయి. ఇక్కడ అది తిరగబడింది. ఆజ్ఞ ముందొచ్చింది. కానీ ఆజ్ఞ విన్నంత మాత్రాన ఎవరూ నమ్మరు. నీళ్లు దాచుకోమంటే బిందెలో నీళ్లనే అనుకుంటాం.

రెండో పాదాన్ని అరచేత్తో మూసి, మెల్లగా జరుపుతూ చదువు. 'పానీ గయే న ఊబరే', అంటే నీళ్లు పోతే ఇక తేరుకోవు. ఏవి తేరుకోవు? కర్త లేదు. 13 మాత్రలు అయిపోయాయి, యతి వచ్చింది, ఊపిరి తీసుకోవాలి, ఇంకా ఎవరి గురించో చెప్పలేదు. ఆ విరామంలో చదివేవాడి మనసు వెతుకుతుంది. చేపలా, చెట్లా, పైరా? అప్పుడు మూడు నామవాచకాలు వరసగా వచ్చి పడతాయి. మోతీ, మానుష, చూన. క్రియ లేదు, వివరణ లేదు. ముత్యం, మనిషి, చూన.

ముత్యం దగ్గరే 'పానీ' అంటే బిందెలో నీళ్లు కాదని తెలిసిపోతుంది. ముత్యానికి పానీ అంటే దాని మెరుపు. మనిషికి పానీ అంటే మర్యాద, పరువు. చూన దగ్గర మళ్లీ మామూలు నీళ్లకే వచ్చేస్తాం. మనం శ్లేష అనేది ఇదే. రహీముకు ఇది ఊరికే తట్టిన చమత్కారం కాదనుకుంటాను. ఆయన (1556–1627) అక్బరు సేనాని, బాబరు ఆత్మకథను తుర్కీ నుంచి పారసీలోకి తెచ్చినవాడు. పారసీలో 'ఆబ్' అంటే నీళ్లు, మెరుపు కూడా. 'ఆబ్రూ' అంటే ముఖంలోని నీరు, అంటే పరువు. ఆ భాషలో రోజూ మెలిగినవాడికి ఈ మూడూ ఒకే మాటలో దొరుకుతాయి.

చూన అంటే పిండి అని కొందరు, సున్నం అని కొందరు అర్థం చెబుతారు. రెండూ చెల్లుతాయి. నేను సున్నం వైపు మొగ్గుతాను. నీళ్లు లేని పిండి రొట్టెకు పనికిరాదు, నిజమే, కానీ నీళ్లు పోస్తే ఎప్పుడైనా కలుస్తుంది. కిళ్లీకొట్టులో సున్నం అలా కాదు. తడిపోయి గట్టిపడ్డాక మళ్లీ నీళ్లు పోసినా వెనకటి సున్నం కాదు. 'పానీ గయే', 'న ఊబరే' అన్న మాటలు అక్కడ అక్షరాలా నిజమవుతాయి.

మనిషిని మధ్యలో ఎందుకు పెట్టాడో కూడా గమనించు. అటు ముత్యం, ఇటు సున్నం. ఖరీదైనదీ, కారుచౌకదీ. రెంటికీ జరిగేది కంటితో చూశాం కాబట్టి, మధ్యలో ఉన్నవాడి గురించి ఎవరూ వాదించాల్సిన పని లేదు. మొదటి పాదంలో ఆజ్ఞగా విన్నది ఇక్కడికొచ్చేసరికి మనం చూసిన సంగతి అయిపోయింది. నువ్వు భావంలో 'మనిషి తన గౌరవాన్ని కాపాడుకోవాలి' అని రాసినప్పుడు ముత్యాన్నీ సున్నాన్నీ పక్కకు తోసేశావు. సాక్షుల్ని పంపించేసి తీర్పు ఒక్కటే చదివినట్టయింది.

కబీరు పేరుతో అందరి నోటా ఉన్న ఖర్జూరపు చెట్టు దోహా కూడా ఇలాగే పనిచేస్తుంది, కాకపోతే వేరే దారిలో.

బడా హువా తో క్యా హువా, జైసే పేడ ఖజూర
పంథీ కో ఛాయా నహీం, ఫల లాగే అతి దూర

పెద్దవాడివైతే ఏమైంది అని మొదటి పాదం అడుగుతుంది, ఖర్జూరపు చెట్టును చూపిస్తుంది. రెండో పాదం ఆ చెట్టు కింద ఒక బాటసారిని నిలబెడుతుంది. అతనికి నీడ లేదు, పండ్లు అందనంత దూరం. దానం, పరోపకారం అన్న మాటలే లేవు. చివరి మాట 'దూర'. అక్కడితో ఆపేశాడు.

మన వేమన దారి వేరు. ఉప్పు కప్పురం పద్యంలో రెండు పాదాలు ఉదాహరణకు ఇచ్చి, మూడో పాదంలో పుణ్యపురుషుల మాట విప్పి చెబుతాడు. ఆ తర్వాత మకుటానికి ఒక పాదమంతా ఉంది. రహీముకు అంత చోటు లేదు, పేరు కూడా నాలుగు మాత్రల్లో ముగించాలి. ఆటవెలది చదివిన అలవాటుతో దోహా చదివితే, లేని మూడో పాదాన్ని మనమే రాసేస్తాం. నీ 'భావం' ఆ మూడో పాదమే. రెండో పాదంలో నీతిని నేరుగా చెప్పేసే దోహాలూ ఉన్నాయి, వాటికి భావం రాస్తే పోయేదేమీ లేదు. ఇలాంటివాటికి మాత్రం రాయకు.

నా పాతికేళ్ల వయసులో ఈ దోహానే తెలుగు చేశాను. 'ముత్యానికి కాంతి, మనిషికి గౌరవం, పిండికి నీరు' అని మూడూ విడదీసి రాశాను. ఒక పెద్దాయన చదివి, 'ఒక్క మాటను మూడు ముక్కలు చేశావు, ఇంక దీనిలో దోహా ఎక్కడుంది?' అని అడిగారు. అప్పటి నుంచీ వెతుకుతూనే ఉన్నాను. సగం దొరికింది. 'సూన' అంటే శూన్యం, 'చూన' చూర్ణం నుంచి వచ్చింది. మన ప్రకృతి వికృతుల్లో శూన్యం సున్న అవుతుంది, చూర్ణం సున్నం అవుతుంది. అంటే ఆ అంత్యప్రాస తెలుగులో కూడా ఉంది, సున్న, సున్నం! మిగిలింది 'పానీ' ఒక్కటే. 'కళ' అంటే ముత్యానికీ మనిషికీ సరిపోతుంది, సున్నానికి అతకదు. 'తడి' అంటే మనిషికీ సున్నానికీ సరిపోతుంది, ముత్యం బయట ఉండిపోతుంది. ఈ రెండింటిలో నువ్వు ఏది తీసుకుంటావో, లేక మూడోది ఏదైనా దొరికిందో, ఆ రెండు పాదాలు మాత్రం రాసి పంపు. కింద భావం వద్దు.

ఆశీస్సులతో.