నెల్లూరు రొట్టెల పండుగ: నెలవంక కంటే ముందే టికెట్లు

ప్రశ్న: అమ్మానాన్నలను తీసుకుని హైదరాబాదు నుంచి రొట్టెల పండుగకు వెళ్లాలని ఉంది. తేదీ ఖాయం కాకుండా టికెట్లు ఎలా తీసుకోవాలి? నెల్లూరులో లాడ్జి అద్దెలు వింటే గుండె గుభేలుమంటోంది.

ముందు తేదీ సంగతి. పండుగ మొహర్రంతో ముడిపడింది కాబట్టి నెలవంక కనిపించే దాకా ఒక రోజు తేడా ఉండవచ్చు. రైలు రిజర్వేషనేమో 60 రోజుల ముందే మొదలవుతుంది. 2025లో పండుగ జూలై 6న మొదలవుతుందని, కాకుంటే 7న అని అనుకున్నారు. మూడో రోజు అసలు రొట్టెల పండుగ, అంటే 8 లేదా 9. వెళ్లడానికి 6వ తేదీ రాత్రికి ఒకే టికెట్టు తీసుకున్నాను, అది ఎటైనా సరిపోతుంది. తిరుగు ప్రయాణానికి మాత్రం మే 9న, మళ్లీ 10న ఉదయం ఎనిమిదింటికి కూర్చుని 8, 9 రెండు రాత్రులకూ స్లీపరు టికెట్లు తీసుకున్నాను. జూన్ 26న నెలవంక కనిపించింది, అసలు రోజు 8 అని తేలింది. 9వ తేదీవి రద్దు చేస్తే మనిషికి 120 రూపాయల చొప్పున ముగ్గురికి 360 పోయాయి. ఆ వారం ప్రైవేటు బస్సుల వాళ్లు అడిగిన దానితో పోలిస్తే అది లెక్కే కాదు.

ఇక గది. అంతకు ముందు ఏడాది ఒక లాడ్జికి ఫోనులో మాట ఇచ్చి, అడ్వాన్సు కూడా పంపి వెళ్తే, గుమ్మంలో అద్దె రెట్టింపు చెప్పారు. చేతిలో రసీదు లేదు, అమ్మ పక్కన నిలబడి ఉంది, మాట్లాడకుండా ఇచ్చేశాను. అందుకే 2025లో కావలిలో దిగాము. సింహపురి ఎక్స్‌ప్రెస్ అక్కడ ఆగుతుంది, నెల్లూరుకు యాభై కిలోమీటర్ల పైచిలుకు, బస్సులకు కొదవ లేదు. గది అద్దె మామూలు రోజుల్లో ఉన్నట్టే ఉంది. గూడూరు వైపు చూసుకున్నా ఫరవాలేదు. ఒక్క చిక్కు ఏమిటంటే, రెండో రోజు అర్ధరాత్రి దాటాక కోటమిట్ట నుంచి పండుగ జరిగే బారా షహీద్ దర్గాకు ఊరేగింపుగా వచ్చే గంధం చూడాలంటే నెల్లూరులోనే ఉండాలి. పెద్దవాళ్లతో ఆ రాత్రి వద్దంటాను.

రొట్టెలు ఆ మూడో రోజే మార్చుకోవాలని కూడా లేదు, ఐదు రోజులూ దర్గా పక్కనున్న స్వర్ణాల చెరువులో జనం ఉంటారు. మేము తెల్లవారుజామునే దిగాము. మోకాలి లోతు నీళ్లలో అమ్మ కొంగు కింద రొట్టె పట్టుకుని "ఉద్యోగం రొట్టె, ఉద్యోగం రొట్టె" అని రెండుసార్లు పిలిచిందో లేదో, ఒక కుర్రవాడు వచ్చి చేయి చాపాడు. తొమ్మిది దాటాక అదే మెట్ల మీద కాలు పెట్టే చోటు లేదు.

ఇంకొకటి: ఈసారి రొట్టె తీసుకుంటే, కోరిక తీరాక మళ్లీ వచ్చి అదే పేరుతో రొట్టె ఇవ్వాలి. పండుగ ఏటా పది, పదకొండు రోజులు ముందే వస్తుంది. గది ఖాళీ చేసేటప్పుడే ఆ లెక్కన వచ్చే ఏడాదికి చెప్పి, ఈసారి రసీదు తీసుకోండి.