రోడ్డు మీద కూర్చున్నది గుడ్లగూబా, నైట్‌జారా?

వికారాబాద్ నుంచి వస్తుంటే రాత్రి రోడ్డు మీద కూర్చున్న పక్షిని కారు లైట్ల వెలుగులో ఫోన్‌తో తీశాను. యాప్ ఒకసారి గుడ్లగూబ అంటోంది, ఇంకోసారి నైట్‌జార్ అంటోంది. ఫొటో చూసి తేల్చుకునేదెలా?
– ఒక పాఠకుడు, మెహదీపట్నం

మీరు పంపింది నైట్‌జార్, అంటే రాత్రిపూట తిరుగుతూ నేల మీద వాలే పక్షి. యాప్ తడబడటానికి ఒక కారణం, ఆ ఫొటో వాట్సాప్‌లో కుదించిన కాపీ కావడం. ఒరిజినల్ ఫొటోను ఎడిటర్‌లో తెరిచి, తల మాత్రమే మిగిలేలా క్రాప్ చేసి, కాపీగా సేవ్ చేయండి. షాడోస్ కొంచెం పెంచండి. షార్పెన్, నాయిస్ తగ్గించే ఆప్షన్ల జోలికి వెళ్లొద్దు. మొదటిది లేని గీతలు పుట్టిస్తుంది, రెండోది ఉన్న గీతల్ని చెరిపేస్తుంది.

ఇప్పుడు ముందుగా కళ్లు ఎక్కడున్నాయో చూడండి. గుడ్లగూబ కళ్లు మనిషికి ఉన్నట్టే ముఖానికి ముందువైపు పక్కపక్కన ఉంటాయి. నైట్‌జార్ కళ్లు తలకు చెరో పక్కన ఉంటాయి. అయితే పక్కనుంచి తీస్తే గుడ్లగూబకూ ఒకటే కన్ను కనిపిస్తుంది, చాలామంది పొరబడేది ఇక్కడే. అలాంటప్పుడు ముక్కు చూడాలి. గుడ్లగూబ ముఖం చదునుగా, గోడలా ఉంటుంది. ముక్కు కిందికి వంగి, సగం ఈకల్లోనే దాగి ఉంటుంది. కంటి వెనక, ముఖపు పళ్లెం అంచు వంపు గీతలా కనిపిస్తుంది. ఈ పళ్లెమే ఫేషియల్ డిస్క్. అందులోని ఈకలు చప్పుడును చెవుల వైపు మళ్లిస్తాయి. మీ ఫొటోలో ఆ గీత లేదు. తల బల్లపరుపుగా ఉంది, చిట్టి ముక్కు ముందుకు పొడుచుకొచ్చింది, ఒళ్లు నేలకు అతుక్కున్నట్టుంది.

తల మీద కొమ్ముల్లాంటి ఈకలు లేనంత మాత్రాన గుడ్లగూబ కాదనుకోవద్దు. మన కాలనీల చెట్ల మీద కనిపించే చిన్న పైడికంటికి అవి ఉండవు, హృదయాకారపు తెల్లని ముఖమున్న బార్న్ ఔల్‌కూ ఉండవు. గండిపేట వైపు రాతిగుట్టల్లో ఉండే పెద్ద గుడ్లగూబకు ఉంటాయి గానీ, వాటిని అది వెనక్కి అణచుకుంటే ఫొటోలో కనిపించవు. నిజానికి అవి చెవులు కావు, ఈకల కుచ్చులే. ఇక కుచ్చులు స్పష్టంగా కనిపిస్తే, హైదరాబాద్ చుట్టుపక్కల అది గుడ్లగూబే. కుచ్చులున్న నైట్‌జార్ కూడా ఒకటుంది గానీ, అది పడమటి కనుమలు, ఈశాన్య రాష్ట్రాల వైపు పక్షి.

ఎర్రగా మెరిసే కన్ను చూసి మాత్రం ఏదీ తేల్చొద్దు. అది లైటు కంటి లోపలి నుంచి తిరిగొచ్చిన మెరుపు, కంటి అసలు రంగు కాదు.

ఈసారి నైట్ మోడ్ ఆపేసి, ఫ్లాష్ లేకుండా వరసగా ఐదారు తీయండి. నైట్ మోడ్ చాలా ఫ్రేములను కలుపుతుంది కాబట్టి, ఈలోగా పక్షి తల తిప్పితే ముఖం అలుక్కుపోతుంది. గుడ్లగూబ కళ్లు గుంతల్లో కదలవు, ఎటు చూడాలన్నా అది తలే తిప్పాలి. అందుకే అది గుడ్లగూబే అయితే, ఆ ఐదారింటిలో ఒకదానిలోనైనా ముఖం నేరుగా దొరికే అవకాశం ఎక్కువ.