పోటీ పేజీని చదవండి, గొంతు మాత్రం అరువు తెచ్చుకోకండి

ప్రశ్న: "మాది ఇంటి నుంచి నడిపే చిన్న వ్యాపారం. మా పోటీ పేజీ ఏం పెడుతోంది, ఎలా పెడుతోంది అని గమనించాలని ఉంది. కానీ చూస్తూ చూస్తూ వాళ్లలాగే రాసేస్తానేమోనని భయం. ఎలా చూడాలి?"

మీ భయం నిజమే. నాకు అదే జరిగింది.

మాది నరసరావుపేట. బెంగళూరు మారతహళ్లిలో పచ్చళ్లు, పొడులు చేసి అమ్ముతాను. బెంగళూరులోనే ఇంకో పచ్చళ్ల పేజీ ఉంది, గోదావరి వాళ్లది. వాళ్ల రీల్స్ నాకు చాలా ఇష్టం, రాత్రి పడుకునే ముందు చూసేదాన్ని. రెండు నెలలు గడిచాక మా పాత కస్టమర్ ఒకావిడ ఫోన్ చేసి, "అమ్మాయ్, మనది పల్నాడు కదా, ఈ ఆయ్ అనడం ఎక్కడ నేర్చావు? ఎవరితోనన్నా రాయిస్తున్నావా?" అంది. వెనక్కి వెళ్లి చూసుకుంటే నా పోస్టుల్లో సగం వాళ్ల యాసే. ఆ రోజు నాకు అన్నం సయించలేదు. ఆవిడ నా దగ్గర కొనేదే నేను ఆవిడ ఊరి మనిషినని.

అప్పటినుంచి రీల్స్‌ను సరదాగా చూడటం మానేసి, లెక్కగా చూశాను. 12 వారాల పోస్టులు, మొత్తం 61, ఒక షీటులో ఎక్కించాను. పేజీ పైన పిన్ చేసినవి పాతవి కావచ్చు, తేదీ చూసుకోవాలి. ఒక్కో పోస్టుకు తేదీ, రీలా ఫొటోనా, విషయం, లైకులు, కామెంట్లలో జనం అడిగింది, ఇంతే. ముఖ్యమైన కట్టుబాటు ఒకటి పెట్టుకున్నాను: వాళ్ల వాక్యం ఒక్కటి కూడా షీటులోకి రానివ్వను. ఆ వాక్యం చేస్తున్న పని మాత్రం రాస్తాను. "మొదట ప్రశ్న వేసింది", "అండి అని పిలిచింది", "చిన్న వాక్యాలు", "ధర చివర్లో చెప్పింది", ఇలా. షీటులో మాటలు లేకపోతే ఎత్తి రాయడానికి ఏమీ దొరకదు.

లైకుల సగటు తీస్తే 200 దాటింది. అది మోసం. ముగ్గురు స్నేహితులను ట్యాగ్ చేస్తే జాడీ ఉచితం అన్న పోస్టు ఒక్కదానికే 4,200 వచ్చాయి, సగటును అదే లాగేసింది. లైకుల ప్రకారం వరుసగా పేర్చి మధ్యలో ఉన్న 31వ దాన్ని చూస్తే 140. దాన్నే గీతగా పెట్టుకున్నాను. డబ్బు కట్టి తోసిన పోస్టులకూ లైకులు ఉబ్బుతాయి. ఇప్పుడు నడుస్తున్న ప్రకటనలు మెటా యాడ్ లైబ్రరీలో ఎవరైనా చూడొచ్చు, ముందు అక్కడ వెతకండి.

ఆ గీతతో చూస్తే పండగ శుభాకాంక్షలన్నీ కిందే ఉన్నాయి. పచ్చడి కలిపే, పొడి దంచే రీల్స్ 11 మాత్రమే, అందులో 9 గీత పైన. అయితే లైకుల కంటే నాకు పనికొచ్చింది వాటి కింది కామెంట్లు. "ఏ నూనె?", "బయట పెడితే ఎన్నాళ్లుంటుంది?", "పిల్లలు తినగలరా?" అని జనం అడుగుతున్నారు, వాళ్లు గుండె బొమ్మ పెట్టి వదిలేస్తున్నారు. నాకు దారి అక్కడ కనిపించింది.

ఇక్కడ ఒక కోపం చెప్పుకోవాలి. అంతకుముందు ఒక ఏజెన్సీకి డబ్బు కట్టాను. వాళ్లు ఇచ్చింది ఆ పేజీ రాతలే, మాటలు అటూ ఇటూ మార్చి. మాట మారిస్తే గొంతు మారదు. వాక్యం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో అదే ఉంటే చదివేవాళ్లు పట్టేస్తారు.

షీటు మూసేసి రెండు రోజులు ఆ పేజీ వైపు వెళ్లలేదు. తర్వాత నూనె గురించి అడిగిన ప్రశ్న ఒకటి తీసుకుని, మా కస్టమర్‌కు చెబుతున్నట్టే వాట్సాప్ వాయిస్ నోట్ రికార్డు చేసి, అదే రాసుకున్నాను: "ఆవకాయ కలిపిన మూడో రోజు జాడీ తిరగేసి కలుపుతా. అప్పుడు ముక్క మీద నూనె తేలకపోతే ఇంకాస్త పోస్తా. నూనె తక్కువైతే పైన బూజు పడుద్ది." ఇందులో వాళ్ల ఆయ్ లేదు. పేజీ పేరు మూసి ఆ రాతను మా పాత కస్టమర్‌కు చూపించాను. "ఇది నువ్వే" అంది.

ఒక హద్దు గుర్తుంచుకోండి. వాళ్లకు ఆర్డర్లు ఎన్ని వస్తున్నాయో మీకు కనపడదు. తగ్గింపు ధర పోస్టుకు లైకులు తక్కువున్నా జాడీలు ఎక్కువ అమ్ముడుపోయి ఉండొచ్చు. పైగా ఆవకాయ రోజుల్లో అందరి పేజీలూ లేస్తాయి, ఏప్రిల్, మే లెక్కను ఆగస్టుతో పోల్చకండి. నేను మూడు నెలలకోసారి రెండు రోజులు కూర్చుని షీటు నింపుతాను. మిగతా రోజుల్లో ఆ పేజీ నాకు కనపడకుండా మ్యూట్ చేసి ఉంచాను.